రెండు గ్లాసుల నీళ్లు

నల్లగొండలో మాది ఫ్లెక్సీల షాపు. వచ్చే వాళ్లలో సగం మంది అడిగేది ఒకటే. "అన్నా, ఇంకో నాలుగు ఫోటోలు పట్టవా?" పట్టిస్తే పడతాయి. కానీ పదడుగుల బోర్డు మీద నలభై ముఖాలు పెడితే ఒక్క ముఖం కూడా గుర్తు పట్టలేం. బండి మీద పోయే మనిషి బోర్డు వంక చూసేది మహా అయితే మూడు సెకన్లు. ఆ మూడు సెకన్లలో ఒక్క సంగతి మనసుకు ఎక్కితే చాలు. పదిహేడేళ్లుగా నేను నేర్చుకున్న విద్య ఇంతే.

ఫిబ్రవరిలో ఒక రోజు పొద్దుగూకే వేళ మా అక్క కూతురు శిరీష ల్యాప్‌టాప్ సంచి గుండెలకు హత్తుకుని షాపులోకి వచ్చింది. డిగ్రీ చివరి సంవత్సరం, కెమిస్ట్రీ. మాట్లాడితే చున్నీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది, చిన్నప్పటి నుంచీ అంతే. మాది మర్రిగూడ మండలం. అక్కడ బోరు నీళ్లు తాగి పెరిగిన పిల్లల పళ్ల మీద గోధుమ రంగు గీతలుంటాయి. చిగుళ్ల లోపల పళ్లు తయారయ్యే వయసులోనే ఫ్లోరైడ్ పట్టేస్తుంది కాబట్టి ఎంత తోమినా ఆ మరక పోదు. దీని పళ్లూ అంతే. అందుకే ఆ చున్నీ.

"మామా, కాలేజీ తరఫున నన్నే పంపుతున్నరు. హైదరాబాద్‌లో. పెద్ద ఆడిటోరియం అంట, ఎనిమిది వందల మంది పడతరంట. నాతోని కాదు."

"ప్రాజెక్టు నీదే గద?"

"ప్రాజెక్టు నాదే. మాట్లాడుడే నాతోని కాదు."

సంక్రాంతి సెలవుల ముందు క్లాసులో సెమినార్ ఇచ్చిందట. తెర వైపు తిరిగి చదువుతూ చదువుతూ ఎక్కడో ఒక లైను తప్పింది. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. ఎక్కడ ఆపానా అని వెతుక్కునే లోపే కళ్లలో నీళ్లు తిరిగి, వెళ్లి కూర్చుంది. ఇదంతా చెప్పేటప్పుడు కూడా నా వైపు చూడలేదు, ప్రింటింగ్ మిషన్ వైపు చూస్తూ చెప్పింది.

స్లైడ్లు తెరిచి చూపించమన్నాను. ఇరవై ఆరు ఉన్నాయి. ఆకుపచ్చ రంగు బ్యాక్‌గ్రౌండ్, మూలన పూలు, ఒక్కో స్లైడులో పద్నాలుగు పదిహేను లైన్లు. అక్షరాలు గిరగిరా తిరుగుతూ వచ్చి కూర్చుంటున్నాయి. నాకు తెలిసిన జబ్బే, నలభై ముఖాల ఫ్లెక్సీ.

ల్యాప్‌టాప్‌ను కౌంటర్ మీద పెట్టి, శిరీషను తీసుకుని రోడ్డు అవతలికి నడిచాను. ఇద్దరం టీ కొట్టు దగ్గర నిలబడి వెనక్కి తిరిగి చూశాం.

"ఏం కనబడుతుందిరా?"

"ఆకుపచ్చ."

"హాల్లో ఆఖరి వరుసోళ్లకు కూడా గంతే కనబడుతది."

అది కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్న మాట నేను ఊహించనిది. "గది కాదు మామా. అన్నీ తెర మీద రాసి ఉంటే, నేను ఒక్క లైను తప్పినా అందరికీ తెలుస్తది. గదే నా టెన్షన్."

దాని భయం మూలం అప్పుడు తెలిసింది నాకు. ధైర్యంగా మాట్లాడు, కళ్లలోకి చూసి మాట్లాడు అని అందరూ చెబుతారు. అలాంటి పిల్లకు ఆ మాటలు ఎందుకూ పనికిరావు. తప్పు దొరకబుచ్చుకునే కాగితం ఎనిమిది వందల మంది చేతికీ ఇచ్చి, ఇప్పుడు భయపడకుండా చదవమంటే ఎవరికి మాత్రం గొంతు లేస్తుంది? తెర మీద బొమ్మ ఒక్కటే ఉంటే, అది ఏం చెప్పాలనుకుందో, ఏం మరిచిపోయిందో దానికి తప్ప ఇంకెవరికీ తెలియదు.

అదే మాట చెప్పాను. మొదటిసారి తలెత్తి చూసింది. "మళ్ల అందరూ నన్ను చూడకుండ బొమ్మనే చూస్తరు గద!" అంది.

మూడు రాత్రులు కూర్చున్నాం. షట్టర్ సగం దించి, ఒక పక్క ఎవరిదో పెళ్లి ఫ్లెక్సీ ప్రింటవుతుంటే. నేను లైను తీసేద్దామంటే అది పాణం పోయినట్టు చూసేది. ఎంత కష్టపడి రాసుకుందో మరి. అందుకని ఒప్పందానికి వచ్చాం: ఏదీ పారెయ్యం, అంకెల పట్టికలు, లెక్కలు, పద్ధతి వివరాలు అన్నీ ఆఖరి స్లైడు తర్వాత దాచి పెడదాం. ఎవరైనా అడిగితే తీసి చూపిస్తుంది, అడగకపోతే అక్కడే ఉంటాయి. ఏ స్లైడు ఏ నంబరో చిన్న కాగితం మీద రాసుకుంది. స్లైడ్ షో నడుస్తుండగా నంబరు కొట్టి ఎంటర్ నొక్కితే నేరుగా ఆ స్లైడుకే పోతుందని నాకు చెప్పింది అదే.

ముందుకు మిగిలినవి తొమ్మిది.

ఒకటో స్లైడు, రెండు గాజు గ్లాసుల్లో నీళ్లు. అక్షరం లేదు. ఒక గ్లాసులో మా ఊరి బడి దగ్గర పాత బోరు నీళ్లు, రెండో దాంట్లో ఇప్పుడు ఇంటికి వస్తున్న నల్లా నీళ్లు. ఫోటో మా షాపు టేబుల్ మీదే, తెల్ల ఫ్లెక్సీ ముక్క వెనక పెట్టి తీశాం.

నాకు బాగా నచ్చింది నాలుగోది. వాళ్ల ల్యాబ్‌లో ఫ్లోరైడ్ కొలిచేందుకు స్పాడ్న్స్ అనే ఎర్రటి ద్రావణం వాడతారట. నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత ఎక్కువుంటే ఆ ఎరుపు అంత వెలిసిపోతుంది. పాత స్లైడులో దీని గురించి పదహారు లైన్లుండేవి. దాని ఫోన్‌లో మాత్రం ల్యాబ్‌లో తీసిన ఫోటో ఒకటి ఊరికే పడి ఉంది. స్టాండులో వరసగా ఐదు గాజు గొట్టాలు, ఎడమ నుంచి కుడికి ఎరుపు తగ్గుకుంటూ పోతోంది. నేను ఆ ఫోటోను తెర నిండా పరిచాను. "ఇగ నేనేం చెప్పాలె?" అంది. "ఏం చెప్పాలనిపిస్తుంది?" అన్నాను. "ఎరుపు తగ్గిందంటే ఫ్లోరైడ్ పెరిగినట్టు." అంతే. పదహారు లైన్ల పని నాలుగు మాటల్లో అయిపోయింది, ఆ నాలుగూ ఎవరూ బట్టీ పట్టక్కర్లేదు.

ఆరోది గ్రాఫు. పన్నెండు నమూనాలకు పన్నెండు స్తంభాలు, అడ్డంగా 1.5 మిల్లీగ్రాముల దగ్గర ఒక ఎర్ర గీత. వేరే నీటి వసతి లేని చోట కూడా లీటరుకు అంతకు మించకూడదని భారతీయ ప్రమాణం. ఏడు స్తంభాలు గీత దాటాయి. మిగతా ఐదు కింద ఉన్నాయి, అందులో నాలుగు నల్లా నీళ్లవి. ఏడింటికీ ముదురు నీలం, ఐదింటికీ బూడిద రంగు వేశాను. ఎనిమిదోది నల్లగొండ టెక్నిక్. ఫ్లోరైడ్ తగ్గించేందుకు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి కలియదిప్పి, తేరిన నీళ్లు వడగట్టే పద్ధతి. నాగపూర్‌లోని నీరి అనే పరిశోధన సంస్థ వాళ్లు తయారు చేసినది, మన జిల్లా పేరుతో ఆఫ్రికా దాకా పోయింది. దానికి మూడు బకెట్ల బొమ్మ చాలనుకున్నాం.

ఐదోది ఖాళీగా ఉంచమంది. తర్వాతి రోజు వచ్చి ఒక ఫోటో ఇచ్చింది. పళ్లు. పెదాలు, పళ్లు తప్ప ముఖం కనబడదు. పాత దాంట్లో ఇంటర్నెట్ నుంచి తెచ్చిన ఫోటో ఉండేది కదా అన్నాను. "గది వద్దు" అంది. నేను ఇంకేమీ అడగలేదు. గోధుమ రంగు గీతలు స్పష్టంగా కనబడేలా వెలుతురు కొంచెం సరిచేసి పెట్టాను.

స్లైడ్లన్నీ బొమ్మలుగానే సేవ్ చేశాను. మా షాపులో అను ఫాంట్లతో చేసిన తెలుగు వేరే కంప్యూటర్లో పిచ్చి గీతలైపోవడం ఎన్నిసార్లు చూశానో. ఇక రిహార్సల్. మిషన్ గర్రుగర్రుమని నడుస్తూనే ఉంటుంది, ఆపడానికి లేదు, డెలివరీలున్నాయి. నేను షట్టర్ బయట నిలబడి, వినపడకపోతే చెయ్యి ఎత్తేవాణ్ని. మొదటి రోజు చెయ్యి దించింది లేదు. మూడో రాత్రి రెండుసార్లే ఎత్తాను.

హైదరాబాద్‌కు తెల్లవారుజామున బస్సెక్కాం. దారి పొడవునా కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకుంది. నిద్ర మాత్రం కాదు, పెదాలు కదులుతున్నాయి.

హాలు నేననుకున్న దానికంటే పెద్దది. నేను వెళ్లి ఆఖరి వరుసలో, తలుపు పక్కన కూర్చున్నాను, మా టీ కొట్టు దూరం చూడాలి కదా. దాని ముందు నలుగురు మాట్లాడారు. మంచి పిల్లలే, ఎంతో చదివి వచ్చారు, కానీ వాళ్ల తెర మీద నాకు కనబడింది ఆకుపచ్చే.

శిరీష పేరు పిలిచారు. స్టేజీ ఎక్కేటప్పుడు చెయ్యి చున్నీ మీదికి పోయింది. ఎవరో వాలంటీరు పిల్ల ఎదురొచ్చి కుడి చేతిలో మైకు పెట్టింది, ఎడమ చేతిలో రిమోట్ పెట్టింది. నోటికి అడ్డం పెట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు. ఒక్క క్షణం ఆ రెండు చేతుల వంకా చూసుకుంది. నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందో నాకే తెలుసు.

బటన్ నొక్కింది. తెర నిండా రెండు గ్లాసులు.

"వీటిలో మీరు ఏ నీళ్లు తాగుతారు?" అంది. గొంతు వణికింది. కానీ హాల్లో ఎవరూ దాన్ని చూడటం లేదు. అందరి తలలూ తెర వైపే ఉన్నాయి. ముందు వరుసల్లో గుసగుసలు మొదలయ్యాయి, ఎడమది, కాదు కుడిది. ఆ గుసగుసలు అది కూడా విన్నది. భుజాలు కిందికి దిగడం అంత దూరం నుంచి కూడా కనిపించింది నాకు. రెండో స్లైడుకు వణుకు లేదు. ఐదు గొట్టాల దగ్గరికొచ్చేసరికి, షాపులో నాతో చెప్పినట్టే చెప్పింది, తొందర పడలేదు. మధ్యలో ఒకచోట ఏదో మరిచిపోయి ఆగింది. అందరూ గ్రాఫు చూస్తున్నారు. అది కూడా తిరిగి గ్రాఫు చూసి, అందుకుని ముందుకు పోయింది. అక్కడ తప్పిందని నాకు, దానికి తప్ప ఎవరికీ తెలియదు.

ఎనిమిది నిమిషాలయ్యాక జడ్జి మేడమ్ అడిగారు: "అమ్మా, నీ పద్ధతి 1.4 దాకానే సరిగ్గా చూపిస్తుంది. 4.2 ఎలా రాసావు?"

అది ల్యాప్‌టాప్ దగ్గరికి నడిచి, 13 కొట్టి ఎంటర్ నొక్కింది. దాచిన పట్టిక వచ్చింది. "ఇరవై ఐదు మిల్లీలీటర్ల నమూనాను డిస్టిల్డ్ వాటర్‌తో వంద చేశాను మేడమ్. రీడింగ్ 1.05 వచ్చింది. నాలుగుతో గుణించాను." ఆవిడ తల ఊపి రాసుకున్నారు.

వెనక నుంచి ఒక కుర్రాడు లేచాడు. "ఐదో స్లైడు ఫోటో ఏ ఊరిది?"

"మర్రిగూడ దగ్గర. నాదే," అంది. మైకు ఇంకా నోటి దగ్గరే ఉంది. "నా పళ్లే."

హాలంతా నిశ్శబ్దమైంది. తర్వాత ఎక్కడో మధ్యలో ఒకరు చప్పట్లు మొదలుపెట్టారు. నేను చప్పట్లు కొట్టలేదు, కొట్టే స్థితిలో లేను.

రెండో బహుమతి వచ్చింది. ఆ రాత్రికే ఊరికి వెళ్లాం. మా అమ్మకు ఆ నీళ్లు వెన్నుకు చేరాయి. నడుము వంగి, మెడ బిగుసుకుపోయి, తల పైకెత్తి చూడలేదు. శిరీష ల్యాప్‌టాప్‌ను నేల మీద పెట్టి, పక్కన తనూ కింద కూర్చుంది. అమ్మకు చదువు రాదు. మొదటి స్లైడును చాలాసేపు చూసింది.

"రెండూ ఒక్కతీరుగనే ఉన్నయి గదనే పిల్లా," అంది.

"అవును అమ్మమ్మా," అంది శిరీష, రెండోది నొక్కుతూ.