బ్లడ్ బ్యాంక్ గ్రూప్ నుంచి నన్ను తీసేయమని మనవి

తేదీ: అక్టోబరు 6

బ్లడ్ బ్యాంక్ మెడికల్ ఆఫీసర్ సరళ మేడమ్ గారికి నమస్కారం.

మేడమ్, సెప్టెంబరు 1 నుంచి నేను బయోకెమిస్ట్రీ ల్యాబ్‌లో చేస్తున్నాను. రిలీవింగ్ కాగితం మీద సంతకం పెట్టింది మీరే. కానీ మన బ్లడ్ బ్యాంక్ కోఆర్డినేషన్ వాట్సాప్ గ్రూప్‌లో ఇంకా ఉన్నాను, అదీ అడ్మిన్‌గా. నన్ను అందులోంచి తీసేయమని అడగడానికే ఈ మెయిల్.

నాకు నేనే ఎగ్జిట్ కొట్టొచ్చు. అయితే అలా బయటికి వస్తే వాట్సాప్ ఆ సంగతి అడ్మిన్లకు మాత్రమే చూపిస్తుంది. వార్డుల్లో సిస్టర్లకు, హౌస్ సర్జన్లకు తెలియదు. వాళ్లలో చాలామంది దగ్గర నా నంబరు ఇప్పటికీ 'బ్లడ్ బ్యాంక్ పద్మ' అనే సేవ్ అయి ఉంది. గ్రూప్ డిస్క్రిప్షన్‌లో కూడా 'రాత్రి ఎమర్జెన్సీకి' అన్న చోట నా పేరు, నంబరే ఉన్నాయి. అందుకే చెప్పి, అప్పగించాల్సింది అప్పగించి వెళ్దామనుకున్నాను.

మొన్న సెప్టెంబరు 14 రాత్రి జరిగింది మీకు చెప్పాలి. 2 గంటల 10 నిమిషాలకు లేబర్ రూమ్ సిస్టర్ నన్ను ట్యాగ్ చేసి, 'పీపీహెచ్ కేసు, బి నెగెటివ్ 2 యూనిట్లు, శాంపిల్ పంపాం, ఎంతసేపు పడుతుంది పద్మ గారూ?' అని పెట్టారు. నేను ఇంట్లో నిద్రపోతున్నాను. ఇప్పుడు నాది పగటి డ్యూటీ, ఫోన్ సైలెంట్‌లో ఉంటుంది. ఆ సిస్టర్ నా జవాబు కోసం 12 నిమిషాలు చూసి, ఆ తర్వాత ఎక్స్‌టెన్షన్‌కి చేశారు. డ్యూటీలో ఉన్న రమేశ్ అప్పటికే క్రాస్ మ్యాచ్ మొదలుపెట్టాడు కాబట్టి సరిపోయింది. తల్లి క్షేమంగా డిశ్చార్జి అయింది. పొద్దున 5.40కి లేచి ఆ మెసేజ్ చూసినప్పుడు నా చేతులు వణికాయి మేడమ్. డెలివరీ తర్వాత రక్తస్రావంలో 12 నిమిషాలంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. సిస్టర్ తప్పు ఏమీ లేదు. గ్రూప్‌లో నా పేరు ఉంది, పక్కన అడ్మిన్ అని ఉంది, మరి ఆవిడ ఎవరిని అడుగుతారు?

ఇంకోటి కూడా ఉంది. సెప్టెంబరు 22న ఎవరో 'ఏబీ నెగెటివ్ ఉందా?' అని అడిగారు. 7 ఏళ్ల అలవాటు కదా, '1 యూనిట్ ఉంది, రిక్విజిషన్ పంపండి' అని టైప్ కూడా చేసేశాను. పంపబోతుంటే గుర్తొచ్చింది, అది నేను ఆగస్టు చివర్లో ఫ్రిజ్‌లో చూసిన బ్యాగ్ అని. ఈపాటికి ఎవరికో ఇష్యూ అయిపోయి ఉంటుంది, లేదా గడువు దాటి ఉంటుంది. చెరిపేశాను. ఆరోజు చెరిపాను సరే, ఏదో ఒక రోజు హడావుడిలో పంపేస్తానేమోనని భయంగా ఉంది. స్టాక్ కళ్లతో చూడని మనిషి స్టాక్ గురించి చెప్పకూడదు.

మ్యూట్ చేసుకోవచ్చు కదా అని మా ల్యాబ్‌లో ఒకరన్నారు. మ్యూట్ చేస్తే నాకు మోత తగ్గుతుంది, నిజమే. కానీ అవతల అడిగేవాళ్లకు నేను గ్రూప్‌లోనే కనిపిస్తాను, జవాబు ఇస్తాననే అనుకుంటారు. నా ఇబ్బందల్లా అక్కడే.

ఈ గ్రూప్ 2020లో ఎలా మొదలైందో మీకు గుర్తుండే ఉంటుంది. కోవిడ్ ప్లాస్మా దాతల కోసం మనం 30 మందితో పెట్టుకున్నాం. మరుసటి ఏడాది మే నెలలో ఐసీఎంఆర్ ప్లాస్మాను చికిత్సలోంచి తీసేసింది, గ్రూప్ మాత్రం పెరుగుతూనే పోయింది. ఐసీయూలు, ఓటీలు, డయాలిసిస్, క్యాజువాల్టీ అన్నీ చేరి ఇప్పుడు 386 మంది అయ్యారు. వీళ్లలో నాలాగా వేరే సెక్షన్లకు మారినవాళ్లు, కోర్సు అయిపోయి వెళ్లిపోయిన హౌస్ సర్జన్లు ఎంతమంది ఉన్నారో ఒకసారి చూడాలి. రోజూ అందులో రిక్విజిషన్ ఫారాల ఫోటోలు పడుతుంటాయి. పేషెంటు పేరు, ఐపీ నంబరు, బ్లడ్ గ్రూప్, జబ్బు అన్నీ ఉంటాయి వాటిలో. ఆ కేసులతో నాకిప్పుడు ఏ సంబంధమూ లేదు. సంబంధం లేనివాళ్ల ఫోన్లలోకి అవి రాకూడదు, నా ఫోన్‌లోకి కూడా.

నన్ను తీసేసినా పాత చాట్, ఫోటోలు నా ఫోన్‌లోనే ఉండిపోతాయి కాబట్టి వాటిని నేనే చూసుకుంటున్నాను. గ్యాలరీలో పడ్డ ఫారాల ఫోటోలు, వాటంతటవే బ్యాకప్‌లోకి వెళ్లినవి ఆదివారం కూర్చుని అన్నీ తీసేశాను. గ్రూప్‌లోంచి బయటికి వచ్చిన రోజే చాట్ కూడా డిలీట్ చేస్తాను.

మీరు చేయాల్సింది కొంచెమే మేడమ్. నా బదులు రమేశ్‌ను అడ్మిన్ చేయండి, అతనితో మాట్లాడాను, సరేనన్నాడు. కొత్తగా చేరాలనుకునేవాళ్ల రిక్వెస్టులు ఇప్పటిదాకా ఎక్కువగా నేనే ఓకే చేస్తున్నాను. ప్రస్తుతం 9 పెండింగ్‌లో ఉన్నాయి, వాళ్లు ఏ వార్డు వాళ్లో కనుక్కుని రాసిన కాగితం రమేశ్‌కి ఇచ్చాను. డిస్క్రిప్షన్‌లో నా నంబరు తీసేసి బ్లడ్ బ్యాంక్ ఎక్స్‌టెన్షన్ 214 పెట్టమని ప్రత్యేకంగా కోరుతున్నాను. మనుషులు మారుతుంటారు, ఆ ఫోన్ దగ్గర మాత్రం 24 గంటలూ డ్యూటీలో ఉన్నవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు.

ఈ పనులన్నీ అయ్యాక, అక్టోబరు 10 సాయంత్రం లోపు నన్ను తీసేస్తే చాలు. దానికి ముందు గ్రూప్‌లో మీ పేరు మీద పెట్టడానికి ఒక మెసేజ్ రాశాను. నచ్చితే అలాగే పెట్టండి, మార్పులుంటే మీ ఇష్టం:

'అందరికీ నమస్కారం. పద్మ గారు సెప్టెంబరు 1 నుంచి బయోకెమిస్ట్రీకి మారారు. రక్తం, ప్లేట్‌లెట్లు, ఎఫ్‌ఎఫ్‌పీ ఏది కావాలన్నా ఇకనుంచి ఆమెకు ఫోన్ గానీ మెసేజ్ గానీ చేయవద్దు. ఎమర్జెన్సీ అయితే గ్రూప్‌లో జవాబు కోసం ఆగకుండా ముందు ఎక్స్‌టెన్షన్ 214కి ఫోన్ చేయండి. మీ ఫోన్లలో ఆమె నంబరు బ్లడ్ బ్యాంక్ పేరుతో ఉంటే దయచేసి ఇప్పుడే మార్చుకోండి. మెసేజ్ చూసినట్టు ప్రతి వార్డు ఇన్‌ఛార్జి సిస్టర్ జవాబు ఇవ్వాలి.'

ఆ చివరి వాక్యం మాత్రం తీసేయకండి మేడమ్. లేబర్ రూమ్ నుంచి జవాబు వచ్చిందని తెలిస్తే నా మనసు కుదుటపడుతుంది.

గ్రూప్ వదలడం నాకు తేలికగా ఏమీ లేదు. డెంగీ సీజన్లో రాత్రంతా ప్లేట్‌లెట్ల కోసం మెసేజ్‌లు పడుతుంటే, ఒక్కొక్కదానికీ 'ఇష్యూ అయింది' అని పెట్టుకుంటూ తెల్లవారేది. ఆ మాట పెట్టగానే వచ్చే దండం గుర్తులు ఇప్పటికీ కళ్లముందే ఉన్నాయి. పాత రిజిస్టర్ల గురించి, డిస్కార్డ్ లెక్కల గురించి ఏ సందేహం వచ్చినా రమేశ్ నాకు నేరుగా ఫోన్ చేయొచ్చు, ఈ నెలాఖరు దాకా మధ్యాహ్నం భోజనం వేళ వచ్చి కూర్చుంటాను కూడా. నాది ఓ పాజిటివ్, మళ్లీ రక్తం ఇవ్వడానికి డిసెంబరులో వస్తాను.

ఇట్లు,
పద్మ
సీనియర్ ల్యాబ్ టెక్నీషియన్, బయోకెమిస్ట్రీ