వరంగల్ దర్రీల రీల్‌కు క్యాప్షన్, ఆల్ట్ టెక్స్ట్

క్యాప్షన్

వరంగల్ దర్రీలు, కొత్తవాడ చేనేత మగ్గం మీద: సౌండ్ పెట్టి చూడండి 👇

ఈ వీడియోకు పాట పెట్టలేదు, కావాలనే. మీకు వినిపించే ఆ ధన్ ధన్ చప్పుడు పంజాది. చేతివేళ్లు వంచినట్టు ఇనుప పళ్లుండే పనిముట్టు అది. పేక నూలు ఒక వరుస పోయగానే నాయిన దాంతో గట్టిగా దిగ్గొడతారు. మళ్లీ వరుస, మళ్లీ దెబ్బ. లోపలి పడుగు బయటికి కనపడనంత దగ్గరగా పేక కూర్చోవాలి. అట్లా కూర్చుంటేనే దర్రీకి బరువు వస్తుంది, నేల మీద ముడత పడకుండా పరుచుకుంటుంది. పక్కన కూర్చున్నది చిన్నాయన. పన్నా పెద్దదైతే ఒక్కరి చేయి అటు చివరికి అందదు, అందుకే ఇద్దరు.

చాలా ఇళ్లల్లో దీన్ని జంపఖానా అంటారు. తివాచీ వేరు: దానికి ముడులు వేసి పైన కుచ్చు వదులుతారు. దర్రీకి కుచ్చు ఉండదు. వరంగల్ తివాచీలు 1851లోనే లండన్ మహా ప్రదర్శన దాకా పోయాయి. వరంగల్ దర్రీలకు జీఐ, అంటే ఫలానా ఊరి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు మాత్రం 2018లో వచ్చింది.

కొనేటప్పుడు ఒక్క పని చేయండి, తిరగేసి చూడండి. నేతలో వచ్చిన డిజైన్ రెండు వైపులా కనిపిస్తుంది. అచ్చు వేసిందైతే వెనక రంగు వెలిసినట్టు ఉంటుంది లేదా అసలే ఉండదు. అచ్చు దర్రీ తప్పేం కాదు, కొత్తవాడలో కలంకారీ అచ్చులు వేసినవీ దొరుకుతాయి, బాగుంటాయి కూడా. కానీ అచ్చుదాన్ని నేత డిజైన్ అని చెప్పి, నేత డిజైన్ ధరకు అమ్మితే అడగండి, మొహమాటపడొద్దు.

ధర కోసం మెసేజ్ పెట్టమని తిప్పించుకోం, ఇక్కడే చెప్తున్నా. 3×5 అడుగుల చారల దర్రీ 1,200 రూపాయలు. రీల్ చివర్లో ఉన్న 4×6 ఇక్కత్ దర్రీ 2,600. దీని నూలు నేయకముందే కట్లు కట్టి రంగులో ముంచుతాం, అందుకే డిజైన్ అంచులు కొంచెం కలిసిపోయినట్టు ఉంటాయి. అది లోపం కాదు, ఇక్కత్ అంటేనే అట్లా.

ఉతకడం, ఆర్డర్ సంగతి పిన్ చేసిన కామెంట్‌లో.

#వరంగల్_దర్రీలు #కొత్తవాడ #చేనేత #జంపఖానా #WarangalDurries #handloom

ఆల్ట్ టెక్స్ట్, వీడియోకు

వరంగల్ దర్రీ నేస్తున్న ఇద్దరు కొత్తవాడ చేనేత కార్మికులు. మగ్గం ముందు పక్కపక్కన కూర్చున్నారు. ఒకరు ఎర్రటి పేక నూలు పోస్తుంటే, ఇంకొకరు ఇనుప పంజాతో కొడుతున్నారు.

ఆల్ట్ టెక్స్ట్, కవర్ ఫొటోకు

ఎరుపు, నలుపు, తెలుపు మెట్ల డిజైన్ ఉన్న వరంగల్ ఇక్కత్ దర్రీ. ఒక మూల మడిచి ఉంది, వెనక వైపు కూడా అదే డిజైన్ కనిపిస్తోంది.

కవర్ మీద అక్షరాలు

వరంగల్ దర్రీ: నేత డిజైనా, అచ్చుదా?

పిన్ చేసే కామెంట్

ఉతకడం: మొదటిసారి విడిగా, చల్లనీళ్లలో. ముదురు రంగులు కొంచెం వదులుతాయి, తెల్ల బట్టలతో కలిపి నానబెట్టొద్దు. పిండకుండా నీడలో ఆరేయండి. వాషింగ్ మెషీన్‌లో వేయొచ్చా అని అడుగుతుంటారు. చిన్న సైజు అయితే వేస్తున్నవాళ్లున్నారు, మేమైతే వేయం. నీళ్లు తాగిన దర్రీ బరువు ఎంతుంటుందో ఎత్తినవాళ్లకు తెలుస్తుంది! రోజువారీ దుమ్ముకైతే దండెం మీద వేసి కర్రతో దులిపితే చాలు.

ఆర్డర్: చారలవి తయారుగా ఉంటాయి. మీరు చెప్పిన రంగులో, సైజులో కావాలంటే మూడు వారాలు పడుతుంది. వానాకాలంలో ఇంకో వారం కలుపుకోండి, రంగు వేసిన నూలు ఆరాలి కదా. పెళ్లికో గృహప్రవేశానికో కావాలంటే ముందే చెప్పండి. రేపటికి ఇవ్వండి అంటే చారలదే ఇవ్వగలం.

చూసి కొంటామంటే ఇంకా మంచిది. వరంగల్ స్టేషన్‌లో దిగి ఆటో అబ్బాయికి కొత్తవాడ అని చెప్పండి. వచ్చేముందు ఇక్కడ ఒక మెసేజ్ పెడితే ఇల్లు ఎక్కడో చెప్తాం. మధ్యాహ్నం రెండింటి లోపు వస్తే మగ్గం నడుస్తుండగా చూడొచ్చు. పిల్లల్ని తీసుకురండి, పంజా పట్టుకోనిస్తాం. బేరం మాత్రం అమ్మతో ఆడుకోవాలి, మా చేతుల్లో లేదు 😄