‘కొవ్వూరు ఆఖరి పంటు’ ముఖచిత్రానికి ప్రాంప్ట్

ఆర్టిస్టు గారికి,

నవల మొత్తం చదివే తీరిక మీకు లేదన్నారు కాబట్టి బొమ్మకు కావలసినంత కథ చెప్తాను. 1968 డిసెంబరు, రాజమండ్రి. రోడ్డు, రైలు కలిసిన వంతెన 1974లో గానీ రాలేదు. అప్పటిదాకా గోదావరి దాటాలంటే రైలెక్కాలి, లేదా రేవులో లాంచీయో పంటో ఎక్కాలి. ఆ సాయంత్రం కొవ్వూరు వైపు నుంచి బయల్దేరిన ఆఖరి పంటులో ఐదుగురు ఎక్కారు. ఇవతలి రేవులో నలుగురే దిగారు. ఆ ఐదో మనిషి ఏమయ్యాడన్నదే నవల.

బొమ్మ ఒక్క ముక్కలో ఇదీ: సందెవేళ పడమటి వెలుగుకు ఎదురుగా, గోదావరి మధ్యలో పంటు. దాని మీద నల్లటి నీడల్లా నలుగురు మనుషులు. కింద నీళ్లలో ఐదుగురి నీడలు. ఇవతలి గట్టు మీద ఒక పెద్దమనిషి, మనకు వీపు చూపిస్తూ నిలబడి ఆ పంటునే చూస్తున్నాడు. పైన ఖాళీ ఆకాశం, కింద ఖాళీ గట్టు.

మొదట తెల్లవారుజాము అనుకున్నాను, మంచు బాగుంటుందని. కానీ రాజమండ్రి గోదావరికి తూర్పు గట్టున ఉంది. మన పెద్దమనిషి నదిని చూస్తున్నాడంటే పడమటికి చూస్తున్నట్టే. పొద్దున అయితే వెలుగు అతని వీపు మీద పడుతుంది, మనుషులంతా ముక్కూ మొహంతో కనపడతారు, నీడబొమ్మ కుదరదు. అందుకే సాయంత్రం. సూర్యుణ్ణి మాత్రం వెయ్యకండి. అప్పుడే కుంగిపోయాడు. అవతలి గట్టు మీద పొయ్యిల పొగ, నీటి మీది పలచటి మంచు కలిసి అడ్డంగా పరుచుకుని ఉండాలి. ఆ పొగలోంచి వెలుతురు వడకట్టినట్టు రావాలి.

వంతెన గురించి ఒక మాట. రాజమండ్రి అనగానే అందరికీ గుర్తొచ్చేది విల్లుల్లాంటి కమానుల వంతెన. అది 1997లో వచ్చింది, మన కథకు అది ఇంకా పుట్టలేదు. మనకు కావలసింది 1900లో కట్టడం పూర్తయిన పాత హేవలాక్ వంతెన: రాతి స్తంభాలు, వాటి మీద ఉక్కు గర్డర్లు, 56 ఖానాలు. మీకు పంపిన పాత ఫొటో చూసే గియ్యండి. మన రేవు వంతెనకు దిగువన ఉంది కాబట్టి వంతెన కుడి అంచు నుంచి మొదలై, దూరమయ్యేకొద్దీ పలచబడి, పొగలో కలిసిపోవాలి. ఆరేడు స్తంభాలు స్పష్టంగా కనపడితే చాలు. రైలు వద్దు. రైలు వేస్తే కన్ను అటే పోతుంది.

ఇక డిటెక్టివు, అంటే గట్టు మీది ఆ పెద్దమనిషి. దయచేసి హ్యాటూ, పైపూ, పొడుగాటి కోటూ వద్దు. మా వాడు రిటైరైన తంతి గుమాస్తా. పంచె, పైన పొట్టి కోటు, చెవుల మీదుగా చుట్టిన మఫ్లరు, చంకలో మడిచిన గొడుగు. నీడబొమ్మలో మొహం ఉండదు కాబట్టి మనిషిని అంచు గీతే పట్టివ్వాలి. గొడుగు కొన ఒంటిని దాటి వెనక్కి పొడుచుకు రావాలి. చేతికీ నడుముకీ మధ్య సందులోంచి వెలుతురు కనపడాలి, పంచె కుచ్చిళ్లు గాలికి ఒక పక్కకు ఎగరాలి. ఇవి లేకపోతే గట్టు మీద బస్తా నిలబెట్టినట్టుంటుంది. ఎత్తు 75 మిల్లీమీటర్లు, ఎడమ పక్క. తల వంతెన గీతను తాకకూడదు. తాకితే వంతెన అతని నెత్తిన మోపు పెట్టినట్టు ఉంటుంది.

పంటు మీది నలుగురూ నాలుగు ఆకారాలు కావాలి: సైకిలు పట్టుకున్న కుర్రాడు, తలమీద కొంగు కప్పుకున్న ఆవిడ, గడ తోసే పంటువాడు, ట్రంకు పెట్టె మీద కూర్చున్న లావుపాటి ఆసామి. మనిషికీ మనిషికీ మధ్య ఆకాశం కనపడాలి. నీళ్లలో వీళ్ల నీడలు అలలకు కాస్త చెదిరి ఉంటాయి. సైకిలుకూ ఆవిడకూ మధ్య ఐదో నీడ, నిలువుగా, మిగతా వాటికంటే కొంచెం నిశ్చలంగా. దాన్ని వేరే రంగుతో ఎత్తి చూపించకండి. పుస్తకం కొన్నవాడు మూడో రోజు అట్ట చూసి లెక్కపెట్టుకోవాలి.

రంగులు మూడు చాలు. పైన సీసం రంగు ఆకాశం, నీటి గీత దగ్గర వాడిన గుమ్మడిపువ్వు రంగు, నీడలకు నలుపు. పంటు మీద వేలాడే హరికేన్ లాంతరు ఒక్కటే కాస్త ఎర్రగా. నెత్తురు, కత్తి, తుపాకీ, భూతద్దం, వేలిముద్ర ఏవీ వద్దు. మ్యాట్ లామినేషన్ వేస్తే ముదురు రంగులు ఇంకా మూసుకుపోతాయి. అందుకని గట్టుకూ నీటికీ నడుమ తేడా స్క్రీన్ మీద మీకు ఎక్కువనిపించేంత ఉంచండి.

అక్షరాల చోటు. ఇదే నాకు అన్నిటికంటే ముఖ్యం, గత పుస్తకానికి చంద్రుడి మీద పేరు పడి సగం చదవలేకపోయారు. ముందు అట్ట 140 × 216 మిల్లీమీటర్లు. పై నుంచి 80 మిల్లీమీటర్లు పేరుకు: అందులో మబ్బు, పక్షి, కొమ్మ, ఏదీ ఉండకూడదు. రంగు పై నుంచి కిందికి నెమ్మదిగా మారడం వరకే. పేరు రెండు లైన్లలో, తెల్లగా: పైన ‘కొవ్వూరు’, కింద ‘ఆఖరి పంటు’. పై లైనులో ‘వ్వూ’ వత్తు కిందికి దిగుతుంది, కింది లైనులో ‘రి’ గుడి పైకి లేస్తుంది. ఇంగ్లీషు అక్షరాలకు వదిలినంత వదిలితే రెండూ కొట్టుకుంటాయి. అక్షరాలు మీరు బొమ్మలో గియ్యకండి, ప్రెస్సులో విడిగా వేస్తారు. అయితే పేరు వేసి చూసుకున్నాకే బొమ్మ పంపండి.

కింద 35 మిల్లీమీటర్లు గట్టు, నున్నటి నలుపు. దాని మీద నా పేరు ఒక్క లైనులో వస్తుంది. అక్కడ గడ్డి, రాళ్లు, పడవ తాడు ఉండకూడదు. డిటెక్టివు కాళ్లు ఆ నలుపులో కలిసిపోతే మంచిదే. ఏ అక్షరమూ అంచుకు 10 మిల్లీమీటర్ల లోపలికే.

వెన్ను 12 మిల్లీమీటర్లు, పూర్తిగా నలుపు. వెనక అట్టకు అదే నీరు, అదే పొగ, మనుషులు లేకుండా. పై భాగంలో కథ గురించి నాలుగు మాటలు, కింద కుడి మూల బార్‌కోడ్ వస్తాయి. మొత్తం ఒకే బొమ్మగా, చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ కలుపుకుని 298 × 222 మిల్లీమీటర్లు, 300 డీపీఐ, సీఎంవైకే. నీడలు, ఆకాశం, నీరు వేరు వేరు లేయర్లలో ఉంచండి, వెన్ను అటూ ఇటూ అయితే జరుపుకోవచ్చు.

ముందు పెన్సిలుతో మూడు చిత్తు బొమ్మలు పంపండి. వాటిని ఫోన్లో గోరంత చేసి చూస్తాను. అంత చిన్నగా ఉన్నా గొడుగూ, పంటూ తెలిసిపోయినదాన్నే ఖాయం చేద్దాం. ఐదో నీడ అప్పుడు కనపడకపోయినా ఫరవాలేదు.