సీటు ఆపుతా

పరకాల బస్టాండులో పొద్దున ఏడుంబావుకి బయల్దేరే పల్లెవెలుగు బస్సులో సంధ్యకి రోజూ కిటికీ సీటు దొరుకుతుంది. బస్సు అక్కడే మొదలవుతుంది కాబట్టి దొరుకుతుంది గానీ, ఆమె తోసుకుని ఎక్కే రకం కాదు. కండక్టరమ్మ వచ్చి “ఎక్కడికి?” అంటే ఆధార్ కార్డు ముందుకు చాపి, “హనుమకొండ” అని పెదవులు కదుపుతుంది. మహాలక్ష్మి పథకం వచ్చాక ఆడవాళ్ళకి జీరో టికెట్టు. డబ్బులివ్వడం, చిల్లర అడగడం కూడా లేదు. ఆ పథకంతో బాగుపడినవాళ్ళ లెక్కలో బిడియస్తుల్ని కూడా చేర్చాలి.

డిగ్రీ రెండో ఏడాది, బీజడ్‌సీ. క్లాసులో ఆమె గొంతు అటెండెన్స్ అప్పుడు తప్ప వినపడదు. వాట్సాప్ గ్రూపులోనూ అంతే. అందరివీ చదువుతుంది, ఒక్కటీ రాయదు.

ఆ గ్రూపులోనే తెలిసింది, మౌనిక వాళ్ళ బాపు పోయాడని. మిర్చి చేనులో కాయ ఏరిస్తూ కూలబడ్డాడట. ఎంజీఎంకి తీసుకుపోయేసరికే ప్రాణం లేదట. దాని కింద వరసగా దండం పెట్టే బొమ్మలు. “రిప్.” “స్టే స్ట్రాంగ్.” మళ్ళీ దండాలు. సాయంత్రానికి ఎవరో జువాలజీ రికార్డు ఎప్పుడివ్వాలని అడిగారు, గ్రూపు అటు తిరిగిపోయింది.

సంధ్య మాత్రం అటు తిరగలేకపోయింది.

ఆమెకీ మౌనికకీ స్నేహమా అంటే, లేదు. మౌనిక గూడెప్పాడ్ క్రాస్ రోడ్డు దగ్గర ఎక్కుతుంది. అప్పటికి బస్సులో కాలు పెట్టే సందు ఉండదు. అక్కణ్ణుంచి హనుమకొండ దాకా నిలబడే రావాలి. మేడారం జాతరకి డిపో బస్సులన్నీ అటే పోయిన ఆ వారమైతే, రెండు బస్సుల జనం ఒక్క బస్సులో ఉన్నారు. ఆ రోజుల్లోనే ఒక పొద్దున, క్రాస్ రోడ్డులో బస్సు ఆగినప్పుడు, కిటికీ పక్కకి ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు. నెత్తికి తువ్వాల, వెనకాల స్టాండేసిన టీవీఎస్ ఎక్సెల్. మౌనికని దింపడానికి రోజూ వచ్చేవాడే.

“బిడ్డా, మా పొల్ల బ్యాగు జర పట్టుకోరాదు,” అన్నాడు.

సంధ్య తలూపింది. ఆయన ఇంకా ఏదో చెప్పాడు. ఆమె మళ్ళీ తలూపింది. జనంలోంచి ఒక చెయ్యి బ్యాగు అందించింది. మర్నాటి నుంచి ఎవరూ చెప్పకుండానే ఆ బ్యాగు సంధ్య ఒళ్ళోకి వచ్చేది. హనుమకొండ చౌరస్తాలో దిగేటప్పుడు తిరిగి ఇచ్చేది. “థ్యాంక్స్” అని మౌనిక, చిన్న నవ్వు సంధ్య. అంతకుమించి వాళ్ళ మధ్య ఒక్క మాటా నడవలేదు. బ్యాగు జిప్పు ఒకటి ఊడిపోయి పిన్నీసు పెట్టి ఉంటుందనీ, ముందు అరలో గోలీల షీటు ఉంటుందనీ మాత్రం సంధ్యకి తెలుసు.

ఇప్పుడు గూడెప్పాడ్‌లో బస్సు ఆగుతోంది, ఎవరెవరో ఎక్కుతున్నారు, సంధ్య ఒడి ఖాళీగా ఉంటోంది.

మెసేజ్ పెట్టాలి. గ్రూపులోంచి నంబరు తీసి ‘మౌనిక గూడెప్పాడ్’ అని సేవ్ చేసుకుంది. డీపీ మారింది. అంతకుముందు ఏదో పువ్వు ఉండేది, ఇప్పుడు ఆయన ఫొటో. ఆధార్ కార్డు ఫొటోని పెద్దది చేసినట్టున్నారు, మొహం కొంచెం మసకగా ఉంది. తువ్వాల లేకపోవడంతో ముందు గుర్తుపట్టలేదు.

వాట్సాప్‌లో నేరుగా రాస్తే అవతల ‘టైపింగ్’ అని కనపడుతుందని భయం. అందుకే ఫోన్‌లో నోట్స్ తెరిచి అక్కడ రాయడం మొదలుపెట్టింది.

“హాయ్ మౌనికా.”

తండ్రి పోయిన పిల్లకి హాయ్ ఏంటి? కొట్టేసింది.

“మౌనికా, మీ బాపు గురించి తెలిసి చాలా బాధపడ్డాను. ధైర్యంగా ఉండు.”

ఆరేపల్లి దాటేదాకా దాన్నే చూస్తూ కూర్చుంది. ధైర్యంగా ఉండు అని చెప్పడానికి తనెవరు? కండక్టరమ్మతో ఊరి పేరు గట్టిగా చెప్పే ధైర్యం లేనిది ఇంకొకరికి ధైర్యం చెప్పడమా? అయినా ధైర్యంగా ఉండమన్నవాళ్ళు ఈపాటికి ఆమె ఇంటి నిండా ఉండి ఉంటారు. కొట్టేసింది.

“నీకేమన్నా అవసరమైతే చెప్పు.”

ఇది మరీ అన్యాయం. అవసరమేంటో వెతుక్కుని చెప్పే పని కూడా ఆ పిల్లకే అప్పగించినట్టు. అదీ పోయింది.

ఇంకో రోజు, ఏనుమాముల మార్కెట్‌కి పోతున్న మిర్చి బస్తాల డీసీఎం ఒకటి బస్సు ముందు నడుస్తోంది. ఘాటుకి బస్సులో అందరూ తుమ్ముతున్నారు. తుమ్ముల మధ్యనే సంధ్య ఒక పొడుగాటిది రాసింది. జాతర వారం గురించి, కిటికీ గురించి, తువ్వాల గురించి, ఆయన అన్న మాటలన్నీ. రాస్తుంటే కళ్ళనీళ్ళు వచ్చాయి. మిర్చి ఘాటేనని పక్కావిడ కొంగు ఇచ్చింది తుడుచుకోమని. రాసినదంతా మళ్ళీ చదువుకుంది. బాగానే ఉంది. కానీ ఇది ఇప్పుడు పంపితే మౌనిక ఎక్కడుండి చదువుతుంది? చుట్టాల మధ్యనా, వంటింట్లోనా, అమ్మ పక్కనా? ఫోన్ పట్టుకుని అక్కడే కూలబడితే? పంపలేదు. కొట్టెయ్యనూ లేదు. ఈ ఒక్కటీ అట్లాగే ఉంచింది.

దినాలు అయిపోయాయని గ్రూపులో ఎవరో పెట్టారు. సోమవారం నుంచి మౌనిక కాలేజీకి వస్తుందట. డెబ్బై ఐదు శాతం హాజరు లేకపోతే పరీక్ష ఫీజు కట్టనివ్వరని మేడం ఫోన్ చేసిందట.

ఆదివారం రాత్రి సంధ్య మంచంలో పడుకుని క్రాస్ రోడ్డు గురించి ఆలోచించింది. రేపు బస్సు ఆగుతుంది. ఎక్సెల్ ఉండదు. మౌనిక ఆటోలోనో నడిచో వచ్చి ఉంటుంది. ఎక్కగానే ఎవరో ఒకరు గుర్తుపట్టి “ఎట్లయింది బిడ్డా, ఏమైందే మీ బాపుకు?” అని మొదలుపెడతారు. పల్లెవెలుగులో పరామర్శకి టైమూ చోటూ చూడరు. నిలబడి, పైన కమ్మీ పట్టుకుని, హనుమకొండ దాకా ఆ పిల్ల జవాబులు చెప్పుకుంటూ రావాలి.

నోట్స్ తెరవలేదు. నేరుగా వాట్సాప్‌లోనే రాసింది. ‘టైపింగ్’ అని కనపడితే కనపడనీ అనుకుంది.

“రేపు ఏడుంబావు బస్సులో నీకు సీటు ఆపుతా. సంధ్య.”

పంపేసింది. ఫోన్ బోర్లా పెట్టి, మళ్ళీ తిప్పి చూసి, మళ్ళీ బోర్లా పెట్టింది. పంపాక గాని అసలు చిక్కు తట్టలేదు. పరకాల నుంచి గూడెప్పాడ్ దాకా నిండు బస్సులో పక్క సీటు ఖాళీగా ఉంచాలి. అంటే నోరు తెరవాలి. చాలాసార్లు తెరవాలి.

జవాబు పదకొండు దాటాక వచ్చింది.

“ఎండ రాని పక్క పెట్టు.”

పొద్దున సంధ్య బస్టాండుకి అందరికన్నా ముందొచ్చింది. బస్సు ప్లాట్‌ఫారం మీదికి ఇంకా పూర్తిగా రాకముందే, అద్దం లేని కిటికీలోంచి కర్చీఫ్ లోపలికి విసిరింది. ఊళ్ళో అందరూ చేసే పనే, ఆమె చెయ్యడం మాత్రం ఇదే మొదలు. డ్రైవర్ వెనక వరసలో పడింది. ఎక్కి, కిటికీ పక్క సీట్లో కర్చీఫ్ పరిచి, దాని మీద తన బ్యాగు పెట్టి, పక్కన తను కూర్చుంది.

బస్సు కదలకముందే ఒక పెద్దమ్మ వచ్చింది. చేతిలో కోడిపిల్లల గంప.

“జరుగు బిడ్డా.”

“సీటుంది,” అంది సంధ్య.

“ఆఁ?”

“సీటుంది పెద్దమ్మా. మా దోస్తు వస్తది.”

“ఏది మీ దోస్తు? యాడున్నది?”

“గూడెప్పాడ్‌ల ఎక్కుతది.”

“గూడెప్పాడ్‌ల ఎక్కేదానికి ఈణ్ణుంచి సీటా! బస్సు ఏమన్న మీ అయ్యదా?” అని పెద్దమ్మ చుట్టూ చూసింది. నలుగురైదుగురు నవ్వారు. కండక్టరమ్మ కూడా ఇటు తిరిగింది. మామూలు రోజైతే ఈపాటికి సంధ్య లేచి తన సీటు కూడా ఇచ్చేసి నిలబడేది. చెవులు వేడెక్కుతున్నాయి. గొంతులో మాట అడ్డం పడింది. మింగి, మళ్ళీ పైకి తెచ్చుకుంది.

“నా సీట్ల కూసో పెద్దమ్మా. నేను నిలబడత. ఆ కిటికీ సీటు మాత్రం ఇయ్య.”

ఆ మాట వెనక వరసల దాకా వినపడింది. పెద్దమ్మ ఒక్క క్షణం ఆమెని ఎగాదిగా చూసి, గంప కాళ్ళ దగ్గర పెట్టుకుని సంధ్య సీట్లో కూలబడింది. తర్వాత ఎవరొచ్చి అడిగినా సంధ్య నోరు తెరిచే అవసరం రాలేదు. “మనిషున్నది, గూడెప్పాడ్‌ల ఎక్కుతది,” అని పెద్దమ్మే కసిరికొట్టింది.

క్రాస్ రోడ్డులో బస్సు ఆగింది. మౌనిక చిక్కిపోయింది. జనంలోంచి దారి చేసుకుని వచ్చి కిటికీ పక్కన కూర్చుంది. బ్యాగుకి జిప్పు కొత్తది వేయించారు. పెద్దమ్మ ఆమెనొకసారి చూసింది, గాజుల్లేని చేతులు చూసింది, ఏదో అడగబోయి మానుకుంది.

కొంతదూరం పోయాక మౌనికే అంది, “నువ్వెందుకు నిలబడ్డవ్?”

“ఊకెనే.”

“బ్యాగ్ ఇటియ్యి.”

సంధ్య బ్యాగు మౌనిక ఒళ్ళోకి పోయింది. మౌనిక దాని పట్టీని వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ కూర్చుంది.

“ఆ రోజు మా బాపు కిటికీకాడ నీతోని ఏం చెప్పిండు? బ్యాగు గురించేనా? చాలాసేపు చెప్పినట్టున్నడు. అడుగుదామనుకున్న, అడగలే.”

ఫోన్‌లో ఆ పొడుగాటిది ఇంకా ఉంది. తీసి చూపిస్తే సరిపోయేది. సంధ్య ఫోన్ తియ్యలేదు.

“బ్యాగు పట్టుకొమ్మన్నడు. ఇంకా... పొద్దుగాల ఏం తినదు, నిలబడితే కండ్లు తిరుగుతయ్, పడిపోతే జర చూడు బిడ్డా అన్నడు.”

మౌనిక కిటికీ వైపు తిరిగింది. పట్టీ చుట్టడం ఆపింది. చాలాసేపటికి, “అబద్ధం. రోజూ తినే వచ్చేదాన్ని,” అంది. గొంతు బొంగురుపోయింది.

“ఇయ్యాల తిన్నవా?”

“లే.”

“బ్యాగుల డబ్బ ఉంది చూడు. పైన అరల.”

మౌనిక డబ్బా తీసి మూత తెరిచింది. కోడిపిల్లల గంప మీదుగా పెద్దమ్మ తొంగిచూసింది.

“ఏం తొక్కు బిడ్డా అది?”

“చింతకాయ,” అంది సంధ్య, డ్రైవర్‌కి కూడా వినపడేలా.