బంగారం నెలవారీ చార్టు: 2024 డిసెంబర్ ముగింపు

డాలర్లలో బంగారం ధర చూపే XAUUSD నెలవారీ చార్టులో 2024 ఆఖరి క్యాండిల్ ఔన్సుకు 2,624 డాలర్ల దగ్గర ముగిసింది. జనవరిలో మొదలైంది 2,063 దగ్గర. ఏడాదిలో 27 శాతం పెరిగిందన్నమాట. ఆ రోజే, ఇతర ప్రధాన కరెన్సీలతో పోల్చి డాలర్ బలాన్ని కొలిచే డాలర్ ఇండెక్స్ 108 పైన ఉంది, అమెరికా పదేళ్ల రియల్ యీల్డ్ 2.2 శాతం దగ్గర ఉంది. పాత లెక్క ప్రకారం ఈ మూడూ ఒకే చోట కనిపించకూడదు.

ఆ పాత లెక్క తేలికే. బంగారం వడ్డీ పెట్టదు. ద్రవ్యోల్బణం పోగా బాండు మీద ఎంత మిగులుతుందో అదే రియల్ యీల్డ్. ఆ మిగులు పెరిగేకొద్దీ బంగారం పట్టుకుని కూర్చోవడం నష్టమనిపిస్తుంది. డాలర్ బలపడినా బంగారానికి దెబ్బే. 2020 ఆగస్టులో రియల్ యీల్డ్ మైనస్ 1 శాతానికి పడితే బంగారం 2,075కి ఎక్కింది. అప్పటిదాకా లెక్క కుదిరింది.

నేను ఎక్కువసేపు చూసేది ఆ తర్వాతి రెండు కనిష్ఠాలను. 2022 సెప్టెంబర్ నుంచి నవంబర్ వరకు ధర మూడుసార్లు 1,615 పరిసరాలకు దిగి, మూడుసార్లూ లేచింది. అప్పుడు డాలర్ ఇండెక్స్ 114 దాటింది. ఏడాది తర్వాత, 2023 అక్టోబర్‌లో, రియల్ యీల్డ్ ఇంకా పైకెళ్లి 2.5 శాతాన్ని తాకింది. బంగారం మాత్రం 1,810 దగ్గరే ఆగిపోయింది. ఒత్తిడి పెరిగినా కనిష్ఠం ఎత్తులోనే పడింది. కొంటున్న చేతులు మారాయని నాకు అక్కడే అర్థమైంది. 2022లో పాశ్చాత్య దేశాలు రష్యా విదేశీ నిల్వలను స్తంభింపజేశాక, ఆ ఏడాది నుంచి 2024 వరకు కేంద్ర బ్యాంకులు ఏటా వెయ్యి టన్నులకు పైగా కొన్నాయి. వాళ్లు రియల్ యీల్డ్ చూసి కొనేవాళ్లు కాదు.

అలాగని ఆ కొలతలు పారేయకండి. 2024 అక్టోబర్ చివర 2,790 తాకిన ధర, అమెరికా ఎన్నికల తర్వాత డాలర్ ఎగబాకగానే రెండు వారాల్లో 2,536కి జారింది. రోజుల లెక్కలో డాలర్ ఇప్పటికీ కొడుతుంది. ఏళ్ల లెక్కలో ఆ దెబ్బకు మునుపటి బలం లేదు.

మన తులం ధర కథ వేరు. డాలర్‌కు రూపాయి 2024లో 83 నుంచి 85 దాటింది. మామూలుగా అయితే మనకు డాలర్ లెక్క కంటే ఎక్కువే పెరగాలి. జులైలో దిగుమతి సుంకం 15 నుంచి 6 శాతానికి తగ్గడంతో పెరుగుదల 20 శాతం చుట్టుపక్కల ఆగింది. ఆ తగ్గింపు ఒక్కసారికే. అక్కడినుంచి డాలర్ ధర, రూపాయి పతనం రెండూ నేరుగా మన మీదే పడతాయి.

2024 ఆఖరికి నా దృష్టిలో ధోరణి ఇంకా పైకే ఉంది. 2,790 పైన నెలవారీ ముగింపు వస్తే కొత్త దశ అనుకున్నాను. 2,536 కింద నెల ముగిస్తే నా అంచనా తప్పినట్టే, అప్పుడు చూపు 2,300 వైపు మళ్లించాలనుకున్నాను.