మారు వడ్డన వద్దనేటప్పుడు అనాల్సిన మాటలు

వడ్డన మొదలవకముందే:
“వదినా, ముందే చెబుతున్నా, ఏమనుకోకండి. రాత్రిపూట అన్నం బాగా తగ్గించాను. అన్నీ రుచి చూస్తాను, కొద్దికొద్దిగా పెట్టండి.”
సగం తిన్నాక చెబితే సాకులా వినిపిస్తుంది.

గరిటె మొదటిసారి మీ వైపు వచ్చినప్పుడు:
“కూర చాలా బాగుందండీ, ఇందాక నేనే అడిగి వేయించుకున్నాను. కడుపు నిండిపోయింది, ఇక చాలు.”
ముందు మెచ్చుకోలు, తర్వాత కారణం, చివర ‘చాలు’. ఉత్త ‘చాలండీ’ అంటే మొహమాటమనుకుని ఇంకో గరిటె వేస్తారు. ఆ మాట అంటూనే కంచం మీద చెయ్యి అడ్డం పెట్టండి. గరిటె వంగాక పెట్టి లాభం లేదు.

“మొహమాటపడుతున్నారు!” అంటే:
“మీ ఇంట్లో నాకు మొహమాటమా? అదే ఉంటే ఇందాక అడిగి వేయించుకునేవాణ్ణా?”
నవ్వుతూ అనాలి. అడిగి వేయించుకోకపోతే మాత్రం ఈ మాట వాడకండి, వడ్డించినవాళ్లకు అన్నీ గుర్తుంటాయి.

“పోనీ, కొంచెం” అంటే:
“సరే, ఒక్క చెంచా. అది మీ మాట కోసం, ఆ తర్వాత అడగకూడదు మరి.”
‘కొంచెం వెయ్యండి’ అనకండి. వడ్డించేవారి లెక్కలో కొంచెం అంటే నిండు గరిటె.

తీపి మానేసినప్పుడు:
“మూడు నెలలు తీపి ముట్టకూడదనుకున్నాను పిన్నిగారూ, ఇంకో నెలే ఉంది. దీన్ని చూస్తే మనసు ఆగట్లేదు, మీరే నా చేత మాట నిలబెట్టించాలి.”
ఇలా అంటే బలవంతం చేసే మనిషే కాపలా కాస్తుంది. ‘బరువు తగ్గాలండీ’ అంటే మాత్రం “నువ్వేం లావున్నావని?” అంటూ చర్చ మొదలై, అది ముగిసేలోపు కంచంలో రెండు ముక్కలు పడతాయి. లేని షుగర్ ఉందని చెప్పడం అంతకన్నా ప్రమాదం: కబురు ఫోన్‌లో మీ అమ్మగారికి చేరుతుంది. నిజంగానే ఉంటే సూటిగా:
“నాకు షుగర్ ఉందండీ, తీపి తినను. మిగతావన్నీ తృప్తిగా తిన్నాను.”

ఇంటి పెద్దావిడ స్వయంగా తెచ్చి పెడుతుంటే:
“అమ్మమ్మగారూ, మీ చేత్తో పెడితే కాదనలేను, ఒక్క ముద్ద పెట్టండి. ఇంకా పెడితే వదిలేయాల్సి వస్తుంది, అన్నం పారేయడం నాకు ఇష్టముండదు.”
పారేయడం అన్న మాటకు పెద్దవాళ్లు ఎవరైనా ఆగుతారు. పెట్టిన ముద్ద మాత్రం తినేయాలి.

ఎంత చెప్పినా వినకపోతే:
“ఇప్పుడు తింటే రుచి తెలియదండీ. చిన్న డబ్బాలో పెట్టివ్వండి, రేపు పొద్దున ఆకలితో తింటాను.”
వాళ్లకు పెట్టిన తృప్తి, మీకు ఊపిరాడే వీలు. డబ్బా తిరిగివ్వడం మరవకండి.