1956 కాదు, 1953: ఒక కామెంట్‌కు జవాబు

నమస్కారమండీ. ఈ రోజు వీధులూ లేవు, పాత భవనాలూ లేవు. పెరంబూరులో మా ఇంటి మేడమీద కూర్చుని మాట్లాడుతున్నా. మధ్యలో రైలు చప్పుడు వస్తే సర్దుకోండి.

పోయిన ఆదివారం ఒక వీడియో పెట్టాను కదా, రాయపేట హైరోడ్డులో పొట్టి శ్రీరాములు గారు ప్రాణం విడిచిన ఇంటి గురించి. దాని కింద వచ్చిన ఒక కామెంట్ చదువుతాను. ఒక్క ముక్క కూడా వదలను. రాసినవాళ్ల పేరూ ఫొటో మాత్రం చూపించను. వెతికి పట్టుకుందామని ఎవరికైనా అనిపిస్తే, దయచేసి ఆ పని చెయ్యకండి.

కామెంట్ ఇది: "ఒరేయ్ అరవ తెలుగు, ముందు తెలుగు నేర్చుకో. సీక్రం ఏంట్రా సీక్రం? 1956లో కర్నూలు రాజధాని అంట! శ్రీరాములు గారి పేరు ఎత్తే అర్హత ఉందా నీకు? వ్యూస్ కోసం ఆయన చావును అమ్ముకుంటున్నావ్. ఛానెల్ మూసేసి ఇడ్లీ బండి పెట్టుకో."

ఇది రాసినవారు ఈ వీడియో చూస్తుంటే, మీతోనే మాట్లాడుతున్నానండీ.

మొదట మీరు చెప్పిన తప్పు సంగతి. అది తప్పే. నాలుగో నిమిషం పన్నెండో సెకను దగ్గర నేను, "1956 నవంబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది" అన్నాను. ఎలా అన్నానో ఆ కాగితం తీసి చూస్తే తెలిసింది. రెండు తేదీలూ ఒకదాని కింద ఒకటి రాసుకున్నాను. చదివేటప్పుడు తేదీ ఒక వరుసలోంచీ ఊరు ఇంకో వరుసలోంచీ తీసుకున్నాను. ఎడిటింగులో మూడుసార్లు విన్నా నా చెవికి తగల్లేదు. ఇన్ని వేల మంది చూశారు, పట్టుకుంది మీరొక్కరే.

కాబట్టి సరైనది ఇప్పుడు చెబుతాను. శ్రీరాములు గారు నిరాహార దీక్ష మొదలుపెట్టింది 1952 అక్టోబరు 19న, మద్రాసులో, బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో. యాభై ఎనిమిది రోజులు సాగింది. డిసెంబరు 15 రాత్రి ఆయన కన్నుమూశారు. నాలుగు రోజులకు, డిసెంబరు 19న, ఆంధ్ర రాష్ట్రం ఇస్తున్నామని నెహ్రూ గారు ప్రకటించారు. ఆ రాష్ట్రం ఏర్పడింది 1953 అక్టోబరు 1న. కర్నూలు రాజధాని. మొదటి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులు గారు. మద్రాసు నగరం అందులోకి రాలేదు. నేను చెప్పిన 1956 నవంబరు 1 ఆ తర్వాతి కథ. హైదరాబాద్ రాష్ట్రంలోని తెలుగు జిల్లాలు కూడా కలిసి, హైదరాబాద్ రాజధానిగా, నీలం సంజీవరెడ్డి గారు ముఖ్యమంత్రిగా ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన రోజు అది.

మూడేళ్ల తేడాయే కదా అని మనవాళ్లు ఒకరిద్దరు నా తరఫున రాశారు. చిన్న తేడా కాదండీ. ఆయన చనిపోయిన తర్వాత రాష్ట్రం ఎంత త్వరగా వచ్చిందన్నదే ఆ కథకు ప్రాణం. దాన్ని 1956కి తోసేస్తే, నాలుగు రోజుల్లో ప్రకటన, ఏడాది తిరక్కుండా రాష్ట్రం అనే సంగతే కనిపించకుండా పోతుంది. కాబట్టి మీ కోపంలో న్యాయం ఉంది.

యూట్యూబులో ఒకసారి పెట్టిన వీడియోలో ఒక వాక్యం తీసి ఇంకోటి పెట్టడం కుదరదు. కొంత ముక్క కత్తిరించవచ్చు. అయితే అక్కడ కత్తిరిస్తే దాని ముందూ వెనకా మాటలకు అర్థం ఉండదు. పైగా తప్పు చేసి తుడిచేసినట్టు అవుతుంది, మీ కామెంట్ ఏమో పిచ్చిగా కనిపిస్తుంది. అందుకని వివరణలో దిద్దుబాటు పెట్టాను. ఆ మొదటి మాట ఇంగ్లీషులోనే ఉండాలట, తర్వాతది ఏ భాషైనా ఫర్వాలేదు. ఇలా ఉంది, చూడండి.

```
Corrections:
4:12 ఆంధ్ర రాష్ట్రం (కర్నూలు): 1953 అక్టోబరు 1. ఆంధ్రప్రదేశ్ (హైదరాబాద్): 1956 నవంబరు 1.
```

ఇక నుంచి ఆ వీడియో చూసేవాళ్లకు ఆ సెకను దగ్గర పైన చిన్న గుర్తు వస్తుంది. కామెంట్లలో పైన కూడా అదే పిన్ చేశాను. తప్పు పట్టుకుంది ఒక ప్రేక్షకులని రాశాను. మీ పేరు వేయమంటే వేస్తాను, వద్దంటే ఇలాగే ఉంచుతాను.

"చావును అమ్ముకుంటున్నావ్" అన్న మాట. నిజం చెప్పాలంటే ఇది చదివినప్పుడు ఒళ్లు మండింది. ఆ వీడియోకి ఇంతవరకు వచ్చింది 640 రూపాయలు. నేనూ మా స్నేహితుడూ రెండు రోజులు తిరిగిన పెట్రోలుకు కూడా అది చాలదు. ఈ లెక్కంతా పెట్టి మీకు ఒక జవాబు టైప్ చేశాను. చాలా బాగా వచ్చింది కూడా, నాలుగైదు చురకలతో. పంపే ముందు మా ఆవిడకు చూపించాను. ఆవిడ జవాబు చదివి ఏమీ అనలేదు, వీడియో తెరిచి ఆ థంబ్‌నెయిల్ చూపించింది.

నేనేం పెట్టానో గుర్తుందా? శ్రీరాములు గారి ఫొటో, పక్కన ఎర్ర అక్షరాలు: "మద్రాసును ఎవరు లాక్కున్నారు?" వీడియోలో ఎవరూ ఎవరి దగ్గరా ఏమీ లాక్కోరు. పన్నెండు నిమిషాల పాటు ఒక ఇల్లు, ఒక మనిషి. మరి ఆ ప్రశ్న ఎందుకు పెట్టాను? జనం నొక్కుతారని. అంటే అమ్ముకున్నాను అన్నదాంట్లో కొంచెం నిజం ఉంది. ఆ జవాబు చెరిపేశాను. థంబ్‌నెయిల్ కూడా మార్చాను. ఇప్పుడు ఆ ఇంటి ఫొటో ఉంది, "రాయపేట హైరోడ్డులో ఒక ఇల్లు" అని ఉంది. వ్యూస్ తగ్గాయి, తగ్గనివ్వండి.

తెలుగు సంగతికి వద్దాం. ఇక్కడ మాత్రం మీ మాట నేను ఒప్పుకోలేను. కోపంగా చెప్పడం లేదు.

మా తాత వెంకటగిరి దగ్గర పల్లె నుంచి పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో పనికి వచ్చాడు. మా నాన్న ఇక్కడే పుట్టాడు, నేనూ ఇక్కడే పుట్టాను. బళ్లో తమిళం తీసుకున్నాను. తెలుగు చదవడం, రాయడం ఇరవై నాలుగో ఏట మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను, సరుకుల చీటీలు రాస్తూ. ఇప్పటికీ ఒత్తులు తప్పుతాను. మాట మాత్రం మా నాయనమ్మది. ఆవిడ "వచ్చినాడు, పోయినాడు" అనేది, నేనూ అంటాను. వీధిలో ఆడుకునేటప్పుడు తమిళం పిల్లల నోట "సీక్రం" విన్నాను, అది ఇంట్లోకి వచ్చేసింది. అది శీఘ్రం అన్న మాటే కదా అని వాదించవచ్చు గానీ, నేను సంస్కృతం తలుచుకుని అనలేదు. అలవాటుగా వచ్చేసింది, అంతే. చరిత్ర చెప్పేటప్పుడు "త్వరగా" అంటే ఎక్కువమందికి అర్థమవుతుంది. కాబట్టి వీడియోల్లో ఆ జాగ్రత్త తీసుకుంటాను. ఇంట్లో అయితే మారదండీ. మా పాపకు కూడా వచ్చేసింది.

అర్హత గురించి అడిగారు. నాకు డిగ్రీలు లేవు. ఆ ఇంటి ముందు నుంచి ఎన్నోసార్లు బస్సులో వెళ్లాను, అది ఏమిటో తెలియకుండా. తెలిసిన రోజు సిగ్గేసి దిగాను. వీడియో చెయ్యాలనిపించింది అందుకే.

ఇప్పుడు నేను మిమ్మల్ని అడగాల్సింది ఒకటుంది. "అరవ" అన్న మాట. నన్ను అన్నందుకు కాదు. మా నాయనమ్మ కూడా పక్కింటివాళ్లను అరవవాళ్లు అనే అనేది, తిట్టులా కాదు. మీరు రాసిన తీరు వేరు. మా వీడియోలు తీసేదీ, ఎడిట్ చేసేదీ నా స్నేహితుడు, తమిళుడు. తెలుగు రాదు. ఈ ఛానెల్‌కు ఇంతవరకు ఒక్క రూపాయి తీసుకోలేదు. శ్రీరాములు గారి ఇంటి గేటు సరిగ్గా రావాలని మిట్టమధ్యాహ్నం ఎండలో గంటసేపు నిలబడ్డాడు. నేను కామెంట్లు చదువుతుంటే పక్కనే కూర్చుని, "మచ్చా, ఇందులో ఏమని రాశారు?" అని అడిగాడు. నేను "తేదీ తప్పు చెప్పానంట" అన్నాను. మిగతాది చెప్పలేకపోయాను. నన్ను ఏమైనా అనండి. ఆ మాట మాత్రం మళ్లీ ఇక్కడ వద్దు. ఎవరు రాసినా ఇక నుంచి తీసేస్తాను.

ఈసారికి మీ కామెంట్ తియ్యలేదు, బ్లాక్ కూడా చెయ్యలేదు. తప్పు పట్టుకున్న కామెంట్ అది, ఉండాలి.

తీసేసినవి వేరే ఉన్నాయి. మన ప్రేక్షకులకు చెబుతున్నా ఇది. ఆ కామెంట్ కింద మీలో కొంతమంది నా మీద ప్రేమతో జవాబులు రాశారు. అందులో పదకొండు తీసేశాను. వాళ్ల అమ్మగారి గురించి రాసినవి, కులం అడిగినవి, "అడ్రస్ చెప్పు" అన్నవి. నాకు అండగా నిలబడ్డామనుకున్నారు, నాకు తెలుసు. కానీ అవి చదివిన రాత్రే నాకు ఎక్కువ టెన్షన్ వచ్చింది, అసలు కామెంట్ చదివినప్పటి కంటే. ఆ మనిషి ఎవరో, ఏ పరిస్థితిలో ఉండి రాశారో. నా ఛానెల్ వల్ల ఇంకొకరి ఫోను మోగుతూ ఉండటం నాకు వద్దు.

ఇడ్లీ బండి. దీనికి మా ఇంట్లో అందరూ నవ్వారు, ఎందుకంటే నేను రుబ్బిన పిండి ఒకసారి తిన్నారు. మా వీధి చివర ఇడ్లీ బండి అక్క తెల్లవారుజామున నాలుగింటికి లేస్తుంది. ఆ పని నా వల్ల కాదండీ, వీడియోలే సులువు.

వచ్చే వారం జార్జి టౌన్ వెళ్తున్నాం, అన్నాపిళ్లై వీధికి. శ్రీరాములు గారు 1901 మార్చి 16న పుట్టింది ఆ వీధిలోనే. పోయిన వీడియోలో ఈ సంగతి చెప్పనే లేదు. ఇంటి ముందు నిలబడి చావు గురించే మాట్లాడాను గానీ, ఆయన పుట్టిన వీధి ఇదే ఊళ్లో ఉందని చెప్పాలని తట్టలేదు. ఈసారి తేదీలన్నీ శుక్రవారమే పోస్టులో పెడతాను, రెండు రోజుల ముందు. మీరూ చూడండి. ఏదైనా తేడా కనిపిస్తే అక్కడే రాయండి. తిట్టి రాసినా చదువుతాను. తిట్టకుండా రాస్తే కొంచెం సీక్రంగా దిద్దుకుంటాను.

ఉంటానండీ. రైలు వస్తోంది.